నాన్నకు చదివి వినిపించిన ఫారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆ కోపాన్నంతా ఒకే మనిషి మీద పెట్టుకుని తిరిగాను. ఆమె మా కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ సెక్షన్ చూసే మేడం. ఇప్పుడు ఆమె గుర్తుకొస్తే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అప్పట్లో మాత్రం ఆమె కిటికీ ముందు నిలబడ్డప్పుడల్లా, ఈ తల్లి రేపు సెలవు పెడితే బాగుండునని మనసులో ప్రార్థన చేసుకునేదాన్ని. ఆమె సెలవు పెట్టేది కాదు.

అది ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో మాట. మేం సీతాఫల్‌మండిలో ఒక రెండంతస్తుల ఇంట్లో కింద రెండు గదుల్లో అద్దెకు ఉండేవాళ్లం. పైన ఇంటివాళ్లు ఉండేవాళ్లు. నాన్న దర్జీ. గుంటూరు వైపు నుంచి పెళ్లికి ముందే సికింద్రాబాద్ వచ్చి, కంటోన్మెంట్‌లో సైనికుల యూనిఫారాలు కుట్టే ఒక దుకాణంలో కుదిరాడు. పీస్‌కు ఇంత అని కూలి. కొంత పని ఇంటికి తెచ్చుకునేవాడు. అమ్మ ఒక ఆసుపత్రిలో ఆయా. నేను ఒక్కదాన్నే కూతుర్ని. కాలేజీకి నడిచే వెళ్లేదాన్ని.

ఆ ఏడాది నాన్న రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలవడంతో మొదలై, చివరికి గీసిన సుద్దగీత కూడా కనపడని దాకా వచ్చింది. రెండు కళ్లకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేసేసరికి నాలుగు నెలలు మెషిన్ ఆగిపోయింది. తర్వాత మళ్లీ కూర్చున్నాడు గానీ, మునుపటి వేగం లేదు. నా రెండో ఏడాది ఫీజు ఎలాగో కట్టారు. మూడో ఏడాదికి దారి లేదు. మా వీధి చివర మందుల షాపాయన జూన్ నుంచి బిల్లులు రాయడానికి రమ్మన్నాడు. అమ్మ వద్దనలేదు, సరేననలేదు. నేను కెమిస్ట్రీ చదువుకుంటున్న పిల్లని, మందుల పేర్లు బాగానే రాయగలను. కానీ ఆ షాపు దగ్గరికి రాగానే రోడ్డు అవతలి వైపుకు మారిపోయేదాన్ని. ఒక్క ఏడాది మిగిలిన డిగ్రీని అక్కడ వదిలేసి ఆ కౌంటర్ వెనక్కి వెళ్లడం నావల్ల కాదు.

అప్పుడే మా కాలేజీకి ఒక ట్రస్టు వాళ్ల ఫారాలు వచ్చాయి. ఆఖరి ఏడాదిలో చేరే పిల్లలకు స్కాలర్‌షిప్. నాలుగు పేజీల ఫారం, అంతా ఇంగ్లీషులో. మార్కులు, కుటుంబంలో ఎవరేం చేస్తారు, ఏడాదికి ఎంత ఆదాయం, ఇంకెక్కడి నుంచైనా స్కాలర్‌షిప్ వస్తోందా, చదువులో, ఆటల్లో, సేవలో నువ్వు సాధించిందేమిటి, ఎందుకు సాయం కావాలో సొంత మాటల్లో ఒక పేజీ, ఏ ఖర్చుకి ఎంత కావాలి, చివర ఇదంతా నిజమని నా సంతకం, నాన్న సంతకం. ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఆదాయ ధ్రువపత్రం, మార్కుల మెమో జెరాక్స్ మీద గెజిటెడ్ ఆఫీసరు అటెస్టేషన్ కూడా జత చేయాలి. ఫారం నేరుగా పంపకూడదు. ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ ద్వారానే వెళ్లాలి. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాలంటే ముందు ఆ కిటికీ దాటాలి.

మా కాలేజీలో ఈ ఫారాలకు ఒక సంప్రదాయం ఉండేది. సాయం ఎందుకు కావాలో రాసే పేజీ ఎవరూ కొత్తగా రాయరు. ఎప్పుడో ఒక సీనియర్ అక్క రాసి స్కాలర్‌షిప్ తెచ్చుకున్న పేజీ ఒకటి జెరాక్స్ మీద జెరాక్స్ అయి, అక్షరాలు బూడిదరంగుకు తిరిగి, ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి చేతులు మారుతూ వచ్చింది. మేం దాన్ని భక్తిగా చూసేవాళ్లం. తండ్రి మంచాన పడ్డాడు, వానొస్తే ఇంటి కప్పు కారుతుంది, ఎన్నో రాత్రులు తిండి లేకుండా పడుకున్నాం, దయగల మీరే దిక్కు, అని ఉండేది అందులో. నేను ముత్యాల్లాంటి అక్షరాలతో దాన్ని దించాను. నాన్న చేత సంతకం పెట్టించాను. ఏం రాశావని ఆయన అడగలేదు. ఇంగ్లీషు చదవలేడు, పైగా కూతురి మీద నమ్మకం. "ఇక్కడేనా?" అని మాత్రం అడిగి, కొత్త కళ్లద్దాలు సర్దుకుని, తెలుగులో తన పేరు నిదానంగా రాశాడు.

మేడం కిటికీ దగ్గర పెద్ద వరస ఉండేది. ఆమె యాభై దాటిన మనిషి, జరీ లేని నూలు చీర, చేతికి మగవాళ్ల వాచీ. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. నా ఫారం తీసుకుని మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చదువుతూ వచ్చింది. మూడో పేజీలో ఆగింది.

"ఏందమ్మా గిది? కప్పు కారుతదా?"

"అవును మేడం."

"మీరుండేది కింది పోర్షన్ అని గీడ అడ్రస్‌ల రాసినవ్. మీద ఓనరున్నడా?"

"ఉన్నారు మేడం."

"మరి నీ కప్పు మీద ఓనరు పండుకుంటడు. ఆయన కారిపోయి నీ మీద పడుతుండా?"

వెనక వరసలో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు. సొరుగు లాగి, అదే ట్రస్టుకి ఆ వారంలో వచ్చిన ఇంకో నాలుగు ఫారాలు తీసి, నా ముందు పరిచింది. నాలుగు ఇళ్ల కప్పులూ కారుతున్నాయి. నలుగురు తండ్రులూ మంచం పట్టారు. అందులో ఒక అమ్మాయి వాళ్ల నాన్న బస్సు కండక్టరని, రోజూ ఆయన బస్సులోనే మా క్లాసువాళ్లు వస్తారని నాకు తెలుసు.

"సికింద్రాబాద్ మొత్తం గిట్లనే కారుతుంటే మనం పడవల మీద తిరగాలె," అంది మేడం. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మీ నాయినకు నువ్వేం రాసినవో తెల్సా?"

"సంతకం ఆయనదే మేడం."

"నేను సంతకం అడగలే."

ఆమె ఫారాన్ని మడతపెట్టి నా చేతికిచ్చింది.

"ఇంటికి పో. రాసింది రాసినట్టు ఆయనకు తెలుగుల చదివి వినిపియ్యి. ఒక్క ముక్క సుత విడవకు. విన్నంక ఆయన మంచిగనే ఉందంటే తీస్కరా, ఇట్లనే పంపిస్త. నాదేం పోతది?"

ఇంకో తెల్ల ఫారం కూడా ఇచ్చింది, దాంతోపాటు దాని జెరాక్స్ కాపీ ఒకటి. ముందు జెరాక్స్ మీద పెన్సిల్‌తో రాయాలి, తప్పులన్నీ అయిపోయాక అసలు దాని మీద పెన్నుతో రాయాలి. అది ఆమె పద్ధతి. ఆ జెరాక్సులకు డబ్బు తన సంచిలోంచే ఇచ్చేదని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఇంటిదాకా ఆమెను తిట్టుకుంటూ నడిచాను. అందరూ రాసేదే కదా నేనూ రాశాను. మందిలో నేనొక్కదాన్నే దొరికానా ఈమెకు?

ఇంటికెళ్లేసరికి నాన్న మెషిన్ మీద ఉన్నాడు. అమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కూరగాయలు తరుగుతోంది. చదవకుండా ఎగ్గొట్టి, రేపు వెళ్లి చదివానని చెప్పేస్తే పోయేది. అలా చెప్పాలనే అనుకున్నాను. కానీ ఆమె వేలు పెట్టి చదివే తీరు గుర్తొచ్చి, మళ్లీ ఎలాగైనా పట్టేస్తుందని భయమేసింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నన్ను నడిపించింది నిజాయితీ కాదు, భయమే.

"నాన్నా, ఫారంలో రాసింది నీకు చదివి వినిపించమన్నారు," అన్నాను.

"చదువమ్మా," అన్నాడు, మెషిన్ ఆపకుండానే.

మార్కుల దగ్గర నుంచి మొదలుపెట్టాను. మార్కులు వినేటప్పుడు ఆయన మొహం వెలిగింది. తర్వాత ఆ పేజీ వచ్చింది. ఇంగ్లీషులో రాసినప్పుడు అదేదో వేరే ఇంటి కథలాగా ఉంది. తెలుగులోకి రాగానే మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. "మా నాన్నగారు మంచాన పడి ఉన్నారు," అని చదివాను. మెషిన్ ఆగింది. నా ఎదురుగా కాళ్లు పెడల్ మీద పెట్టుకుని, మెడలో టేపు వేసుకుని, ఒళ్లో సగం కుట్టిన చొక్కాతో కూర్చున్న మనిషికి ఆయన మంచాన పడ్డాడని చెప్పాను. అయినా ఆపలేదు, ఒక్క ముక్క వదలొద్దంది కదా. కప్పు కారడం చదివాను. "ఎన్నో రాత్రులు తిండి లేకుండా పడుకున్నాం," అన్నాను.

కత్తిపీట పక్కకు నెట్టిన చప్పుడు వినిపించింది.

"ఏ రోజే?" అంది అమ్మ. "ఏ రోజు పస్తు పెట్టాను నిన్ను? మీ నాన్న కళ్లకి కట్టు కట్టుకుని కూర్చున్న నాలుగు నెలలూ డబుల్ డ్యూటీలు చేసి వండి పెట్టానే! పచ్చడి మెతుకులైనా రెండు పూటలా పెట్టానా లేదా?"

ఏడుపు ఒక్కటే వచ్చింది. ఊరికే కాదు, వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గుతో అంతలా ఏడవడం నాకు అదే మొదలు.

నాన్న మాత్రం కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మంచాన పడలేదమ్మా," అన్నాడు, ఎవరి గురించో చెబుతున్నట్టు. "ఆ నాలుగు నెలలూ మెషిన్ తొక్కలేకపోయాను, అంతే. గుండీలు కుట్టాను కదా. తడిమి చూసి కుట్టొచ్చు గుండీలు. దుకాణంలో వాళ్లు చొక్కాలు పంపితే గుండీలన్నీ నేనే కుట్టాను. అది రాయి."

అది నాకు తెలిసిందే. కట్టు ఉన్న కంటితో, మసక ఉన్న కంటితో, వేళ్లతో కాజాను వెతుక్కుంటూ గుమ్మం దగ్గర కూర్చుని గుండీలు కుట్టిన నాన్నను రోజూ చూశాను. చూసి కూడా ఎవరిదో బూడిదరంగు కాగితం నుంచి ఒక మంచం పట్టిన తండ్రిని తెచ్చి ఆయన స్థానంలో పడుకోబెట్టాను.

"నన్నేం రాశావు?" అంది అమ్మ, ఇంకా మంట తగ్గలేదు.

"ఆసుపత్రి ఉద్యోగి అని."

"ఆయా అని రాస్తే జీతం తగ్గిస్తారా ఏంటి?"

ఆ మాటకు నాన్న నవ్వాడు. ఏడుపు మధ్యలో నాకూ నవ్వొచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని ఆ పేజీ పెన్సిల్‌తో మళ్లీ రాశాం. నాన్న చెప్పాడు, అమ్మ దిద్దింది, నేను ఇంగ్లీషు చేశాను. దర్జీ పని, పీస్‌కు కూలి. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా ఆపరేషన్ల వల్ల గుండీల పని తప్ప మరే పనీ లేదు. ఇప్పుడు మునుపు కుట్టే దాంట్లో సగం కుట్టగలడు. తల్లి ఆయా. రెండో ఏడాది ఫీజు కట్టాం, మూడో ఏడాదిది కట్టలేం. అంతే. పేజీలో మూడో వంతు కూడా నిండలేదు. బీదవాళ్లమని ఎక్కడా రాయలేదు. అయినా చదువుకుంటే మా ఇల్లు కళ్ల ముందు కనిపించింది.

మర్నాడు పెన్సిల్ కాపీ చూసి మేడం ఆ పేజీని ఏమీ అనలేదు. మెచ్చుకోవడం ఆమె నిఘంటువులో లేదు. సాధించిన వాటి పేజీకి నేరుగా వెళ్లింది. అక్కడ నేను ఇంకా నా పాత వేషాలు వదల్లేదు.

"ఖో ఖో జట్టుల ఆడినవా?"

"అంటే... జట్టులో ఉన్నాను మేడం. ఎక్స్‌ట్రాల్లో."

"బరిలకు దిగినవా లేదా?"

"దిగలేదు."

"రిజర్వ్ ప్లేయర్ అని రాయి. సర్టిఫికెట్ ఇచ్చిన్రు గదా, జత చెయ్యి. రిజర్వ్‌ల కూసునుడు సుత పనే. రోజు ప్రాక్టీస్‌కు పోయినవ్ గదా?" వేలు కిందికి జరిగింది. "ఎన్‌సీసీ బీ సర్టిఫికెట్ అన్నవ్. ఏది?"

"పరీక్ష రాశాను మేడం. రిజల్ట్ రాలేదు."

"రాలేదంటే నీకింకా లేదన్నట్టు. పరీక్ష రాసిన, ఫలితం రావాలె, అని రాయి."

ప్రభుత్వ స్కాలర్‌షిప్ గడిలో నేను ఏమీ రాయకుండా వదిలేశాను. అది మంజూరైందన్నారు గానీ రూపాయి చేతికి రాలేదు. "ఖాళీ పెడితే దాచినట్టే," అంది. "మంజూరైంది, ఇంకా అందలే, అని రాయి. లేనికాడ లేదని రాయి. ఒక్క గడి సుత ఒట్టిగ ఉండొద్దు." ఆమె సూత్రం ఒకటే. రాసిన ప్రతి ముక్క కింద ఒక కాగితం ఉండాలి. కాగితం లేకపోతే అడిగితే చెప్పే మనిషి ఉండాలి. రెండూ లేకపోతే ఆ ముక్క కొట్టేయాలి. ఆ లెక్కన నా పేజీ వానకు తడిసిన కోడిపిల్లలా అయిపోయింది.

ఇక కాగితాలు తీసుకుని వెళ్దామనుకుంటుంటే అడిగింది. "ఆదివారాలు ఏం చేస్తవ్?"

"చర్చికి వెళ్తాను మేడం. చిన్నపిల్లలకి సండే స్కూల్ చెప్తాను."

"ఎన్నేండ్ల సంది?"

"మూడేళ్లు."

"గది యాడ రాసినవ్?"

అది రాయాల్సిన విషయమని నాకు తోచలేదు. ఎవరైనా చేసేదే కదా అనుకున్నాను. ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. "లేనిది రాసుడు ఎంత తప్పో, ఉన్నది ఇడిసిపెట్టుడు సుత గంతే తప్పు. మీ పాస్టర్ తాన లెటర్ తీస్కరా," అంది. ఆ మాట నా మనసుకు తగిలింది. అప్పటిదాకా ఆమెకు మమ్మల్ని పట్టుకోవడమే సరదా అనుకున్నాను. ఆమెకు కావాల్సింది మేమేనని, ఉన్నది ఉన్నట్టుగా ఉన్న మేమేనని, ఆ క్షణాన కొద్దిగా అర్థమైంది. కోపం పూర్తిగా పోయిందని చెప్పను గానీ, ఆ రోజు నుంచి తిట్టుకోవడం మానేశాను.

పాస్టరుగారి ఉత్తరం, ఎమ్మార్వో ఆఫీసు కాగితం, మెమో అన్నీ జతచేసి, పెన్నుతో రాసిన ఫారాన్ని నాన్నకు మళ్లీ మొదటి నుంచి చదివి వినిపించాను. ఈసారి మెషిన్ ముందే ఆపి, చేతులు కట్టుకుని, చర్చిలో వాక్యం విన్నట్టు విన్నాడు. సంతకం పెట్టాడు. గడువుకు రెండు రోజుల ముందు ఫారం వెళ్లింది.

నెల దాటాక, ఒక శనివారం మధ్యాహ్నం, ట్రస్టు తరఫున ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. చెప్పకుండా వచ్చి చూడటం వాళ్ల పద్ధతట. రిటైరైన హెడ్మాస్టరులా ఉన్నాడు. చేతిలో నా ఫారం. నాన్న మెషిన్ మీద ఉన్నాడు. గుమ్మంలోంచి ఆయన మా నాన్నను చూస్తుంటే నాకు ఆ బూడిదరంగు కాగితం గుర్తొచ్చింది. మొదటి ఫారమే వెళ్లి ఉంటే, మంచాన పడ్డ మనిషి ఆ నిమిషాన కటకటా మెషిన్ తొక్కుతూ కనిపించేవాడు.

అమ్మ మంచినీళ్లిచ్చింది. పెద్దాయన ఒక్కొక్కటీ అడిగాడు, నాన్న ఒక్కొక్కటీ చెప్పాడు. రాసినదానికీ చెప్పినదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. పెద్దాయన చివరి పేజీకి వచ్చాడు. అక్కడ ఏ ఖర్చుకి సాయం కావాలో మూడు వరసలు రాశాం. కాలేజీ ఫీజు, పుస్తకాలూ రికార్డులూ, పరీక్ష ఫీజు.

"ఇవి మూడూ కావాలి కదండీ?" అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండానే, పెన్ను క్యాప్ పెట్టబోతూ.

"రాసిన రోజుకి కావాలండి," అన్నాడు నాన్న. "ఇప్పుడు కిందవి రెండూ అక్కర్లేదు. మొన్ననే ఒక స్కూలు వాళ్ల యూనిఫారాల పని వచ్చింది, జూలై దాకా ఉంటుంది. పుస్తకాలు, పరీక్ష ఫీజు నేను కట్టుకోగలను. కాలేజీ ఫీజు మాత్రం నావల్ల కాదు."

స్కూలు యూనిఫారాల సంగతి ఎవరడిగారు? వాళ్లంతట వాళ్లు ఇస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపే మనిషిని అప్పుడే చూశాను. పని దొరికిందట, ఇక వీళ్లకి సాయమెందుకు అని వాళ్లు మొత్తానికే పక్కన పెట్టేస్తే? అమ్మ వైపు చూశాను. అమ్మ నాన్న వైపు చూస్తోంది. పెద్దాయన పెన్ను క్యాప్ పక్కన పెట్టాడు. తర్వాత ఆ రెండు వరసల మీదా గీత కొట్టి, పక్కన నాన్న చేత సంతకం పెట్టించుకుని, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఆయన స్కూటర్ మలుపు తిరగ్గానే నేను అరిచాను. ఏమేం అన్నానో ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. నీ పరువు కోసం నా చదువు పోగొట్టావన్నాను. నాన్న అంతా విని, "ఆ రోజు రాసింది ఆ రోజుకి నిజం. ఈ రోజు అడిగారు, ఈ రోజుది చెప్పాను," అన్నాడు. మళ్లీ మెషిన్ తొక్కడం మొదలుపెట్టాడు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అంతటితో ఆగలేదు, మందుల షాపుకెళ్లి జూన్ ఒకటిన వస్తానని కూడా చెప్పొచ్చాను, అమ్మకు వినపడేలా.

మే నెల చివర్లో ఉత్తరం వచ్చింది. కాలేజీ అడ్రసుకు వచ్చింది కాబట్టి మేడం కబురు పంపింది. వెళ్లేసరికి కవరు చింపి ముందు పెట్టుకుని ఉంది. మూడో ఏడాది కాలేజీ ఫీజు మొత్తం ట్రస్టు నేరుగా కాలేజీకే కడుతుంది. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఉత్తరంతో పాటు నా ఫారం చివరి పేజీ కాపీ కూడా పంపారు. మేడం దాని మీద వేలు పెట్టింది.

"గీ రెండు లైన్లు ఎవ్వరు కొట్టేసిన్రు? నేను పంపినప్పుడు మంచిగనే ఉండె. ట్రస్టోళ్లు కోసిన్రా?"

"మా నాన్న కొట్టించారు మేడం," అని జరిగింది చెప్పాను. ఫిర్యాదు చేస్తున్నట్టు మొదలుపెట్టి, సగంలోకి వచ్చేసరికి నా గొంతు మారిపోయింది. రెండు రోజులు మాట్లాడకపోవడం కూడా చెప్పేశాను.

వరసలో నా వెనక ఎవరో సణిగితే మేడం "జెర ఆగు" అని చెయ్యి చూపించింది. ఆ గీత పక్కన మా నాన్న నిదానంగా రాసిన తెలుగు సంతకాన్ని చూస్తూ ఉంది.

"మీ నాయిన్ను ఒకసారి తీస్కరా," అంది.

ఎందుకో చెప్పలేదు. నాన్నకు చెబితే కంగారు పడ్డాడు. మర్నాడు పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంట్లో ఉన్న కాగితాలన్నీ, ఆసుపత్రి చీటీలతో సహా, ఒక సంచిలో పెట్టుకుని నాతో వచ్చాడు. కాలేజీ ఆఫీసులో పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ కిటికీ ఇవతలే చోటు. మేడం ఆయన్ను చూడగానే తలుపు తీయించి లోపలికి పిలిచింది. తన పక్కన కుర్చీ చూపించింది. నాన్న కూర్చోలేదు. సంచి తెరిచి కాగితాలు తీయబోతూ, "ఫారంలో ఏమైనా తప్పు పోయిందాండీ?" అని అడిగాడు.

"తప్పేం లేదన్నా," అంది మేడం, తను లేచి నిలబడి. "మిమ్మల్ని ఒక్కసారి చూద్దామని పిలిచిన."